గల్ఫ్‌లో ఉన్న అన్నకు రాఖీ పంపడం ఎట్లా: దారం, ఉత్తరం, గొంతు

ఆషాఢం రాగానే మా నల్లగొండ చుట్టుపక్కల ఆడపిల్లలు నన్ను అడిగే మాట ఒకటే. "అక్కా, మా అన్నకు రాఖీ పంపాలె, లోపల ఏం రాయాలె? టైముకు అందాలంటే ఎప్పుడు పంపాలె?" మా అన్న దుబాయ్ పోయి చాలా ఏండ్లయింది. ఈ ఏండ్లలో నేను చేసిన తప్పులు, వాటిని దిద్దుకున్న తీరు వరుసగా రాస్తున్న. ఉదాహరణకు 2026 రాఖీ పున్నమను, దుబాయ్‌లో బిల్డింగ్ పనిలో, క్యాంపులో ఉండే అన్నను తీసుకుంటున్న. మీ అన్న సౌదీలోనో మస్కట్‌లోనో ఉంటే గంటలు మారుతాయి గానీ పద్ధతి ఇదే.

1. ముందుగా అన్నను అడగాల్సినవి

రాఖీ కొనకముందే అన్నకు ఫోన్ చేసి నాలుగు సంగతులు అడగండి. తొందరలో ఉన్నప్పుడు కాదు, సెలవు రోజు తీరుబాటుగా ఉన్నప్పుడు అడగాలి.

- కంపెనీ పేరు, పీవో బాక్స్ నంబరు, పాస్‌పోర్టులో ఉన్న పూర్తి పేరు, ఎంప్లాయీ నంబరు
- పొద్దున ఎన్ని గంటలకు లేస్తడు, బస్సు ఎప్పుడు ఎక్కుతడు, రూముకు ఎప్పుడు వస్తడు
- పని చేసేటప్పుడు చేతికి దారం ఉండనిస్తరా
- రూములో ఎంతమంది ఉంటరు, మనవైపు వాళ్లు ఎవరన్నా ఉన్నరా

మొదటి ప్రశ్న దగ్గరే ఎక్కువ రాఖీలు ఆగిపోతాయి. దుబాయ్‌లో మన ఊళ్లోలాగా పోస్ట్‌మ్యాన్ గడపగడపకూ రాడు. ఉత్తరం కంపెనీ పీవో బాక్సుకు పోతుంది, అక్కడి నుంచి ఆఫీసు మనిషి తెచ్చి క్యాంపులో ఇస్తడు. ఒక ఏడు నేను క్యాంపు పేరు, రూము నంబరు రాసి, పీవో బాక్స్ వదిలేసిన. ఆ కవరు తిరిగి తిరిగి దసరా దాటినంక మా ఇంటికే వచ్చింది. కవరు మూలలు అరిగిపోయినయి, లోపల రాఖీ మాత్రం కొత్తగనే ఉంది. అది చూసి అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

మూడో ప్రశ్న చాలామందికి తట్టదు. మిషన్ల దగ్గర పని చేసేవాళ్లకు చేతికి వేలాడేవి ఏవీ ఉండొద్దంటరు. దారం మిషన్‌లో చిక్కుకుంటే చెయ్యి పోతుంది కాబట్టి ఆ మాట సరైనదే. అన్నది అటువంటి పనే అయితే సులువుగా తీసి, మళ్లీ పెట్టుకునే రాఖీ కావాలి. అది ఎట్లా చేయాలో మూడో మెట్టులో చెప్తున్న.

2. రోజులు వెనక్కి లెక్కపెట్టుకోవడం

2026లో రాఖీ పున్నమ ఆగస్టు 28, శుక్రవారం. కవరు జూలై నెలాఖరులోపు పోస్టాఫీసుకు చేరాలి. నేను పంపినవాటిలో ఒకటి పది రోజులకే అందింది, ఇంకొకటి ఇరవై నాలుగు రోజులకు అందింది. అందుకే నెల రోజులు చేతిలో ఉంచుకుంటే మనసు నిమ్మళంగా ఉంటుంది. ముందే అందితే అన్న దిండు కింద దాచుకుంటడు. ఆలస్యమైతే మాత్రం చేసేదేమీ లేదు.

ఈ లెక్కన రాఖీ జూలై మొదటి వారంలోనే చేతిలో ఉండాలి. అప్పటికి బజారులో రాఖీ దుకాణాలు పెట్టరు. అందుకే నేను దారం కొని ఇంట్లోనే చేస్తున్న. అన్న చేతి కొలతకు సరిగ్గా కుదిరేదీ అదే.

3. ఒక్కడే కట్టుకోగలిగే రాఖీ

మనం పక్కన ఉంటే మనమే ముడి వేస్తం. అక్కడ అన్న ఒక్కచేత్తో ముడి వేసుకోలేక పళ్లతో లాగి, చివరికి విసుగొచ్చి జేబులో పెట్టుకుంటడు. దీనికి విరుగుడు జారుముడి. ముడి మనం ఇక్కడే వేసి పంపాలి.

మెత్తటి నూలు దారాన్ని గానీ పట్టు దారాన్ని గానీ పేనితే పెన్సిల్ ములుకంత మందం రావాలి. మొత్తం పొడవు 12 అంగుళాలు సరిపోతుంది. నడుమ ఒక చిన్న పూవో ముత్యమో కుట్టండి. అది బల్లపరుపుగా ఉండాలి. స్పాంజి పూలు, పెద్ద రాళ్లు, లోహపు బిళ్లలు వద్దు. కవరు ఉబ్బితే స్టాంపు మిషన్ కింద నలుగుతుంది, రాళ్లు రాలుతాయి. దేవుడి బొమ్మలున్న రాఖీ కూడా గల్ఫ్‌కు పంపకపోవడమే మంచిది, తనిఖీలో లేనిపోని ప్రశ్నలు వస్తాయి.

ఇక ముడి సంగతి. దారాన్ని గుండ్రంగా వంచి, రెండు కొసలు ఒకదాని మీదుగా ఒకటి దాటేలా పట్టుకోండి. కుడి కొసను ఎడమ దారం చుట్టూ తిప్పి ఒక మామూలు ముడి వేయండి. ఎడమ కొసను కుడి దారం చుట్టూ తిప్పి అట్లనే ఇంకో ముడి వేయండి. రెండు ముళ్లూ దారం మీద జరగాలి, ఊడిపోవద్దు. ముళ్లను దగ్గరికి జరిపితే గుండ్రం పెద్దదయి చెయ్యి దూరుతుంది. దూరంగా జరిపితే మణికట్టుకు బిగుస్తుంది.

చేసిన వెంటనే ఇంట్లో ఎవరో ఒక మగమనిషి చేతికి వేసి చూడండి. అరచేయి దాటి దూరకపోతే దారం పొట్టిదన్నట్టు. బిగించినంక ఊరికే జారిపోతుంటే ముళ్లు వదులుగా ఉన్నట్టు. అప్పుడు ఒక్కో ముడికి ఇంకో చుట్టు వేయండి.

4. ఉత్తరానికి సరుకు ఏరుకోవడం

రాయడానికి కూర్చోకముందు వారం రోజులు కళ్లు తెరుచుకొని తిరగండి. అన్న ఎరిగిన చోట్లకు పోండి: మీ చెలక, బావి, చెరువు కట్ట, ఆయన చదివిన బడి, చాయ తాగిన హోటల్. కొత్తగా కనిపించినదాన్ని, మారకుండా ఉన్నదాన్ని కాగితం మీద రెండు మాటల్లో రాసుకోండి. పత్తి ఎంత ఎత్తుకు వచ్చింది? నాట్లు పడ్డయా? పానగల్లు చెరువుకు నీళ్లు వచ్చినయా? నాగార్జునసాగర్ గేట్లు ఎత్తిండ్రా? పాలమూరు వైపు వాళ్లయితే జూరాల సంగతి రాసుకోవచ్చు.

పది ముచ్చట్లు జమైనంక ఒక్కటి మిగిల్చి తక్కినవి కొట్టేయండి. పదీ రాస్తే అది వార్తల జాబితా అయితది. ఒక్కదాన్ని కంటికి కట్టేట్టు రాస్తే అన్న రెండు నిమిషాలు ఇంట్లో కూర్చున్నట్టు ఉంటది.

ఇల్లు విడిచినవాళ్లకు పంపే ఉత్తరంలో కొన్ని రాయకూడదు. అప్పు కిస్తీ, కోర్టు తగాదా, వదినతో అమ్మకు పడని మాట ఇందులో పెట్టకండి. అవి చెప్పాల్సినవే, కానీ వేరే రోజు ఫోనులో చెప్పండి. ఈ కాగితాన్ని అన్న దాచుకుంటడు, ఏడాదంతా తీసి చూసుకుంటడు. చూసినప్పుడల్లా కిస్తీ గుర్తుకు రావద్దు.

"ఎప్పుడొస్తవు?" అని కూడా రాయకండి. లీవు ఆయన చేతిలో ఉండదు. కాంట్రాక్టు ఎప్పుడు అయిపోతుందో, టికెట్ ఎవరు ఇస్తరో ఆ లెక్కలు ఆయనకు రోజూ ఉండేవే.

వదిన ఊళ్లోనే ఉంటే రాయకముందు ఒకసారి ఆమెను కలవండి. పిల్లల చదువో, ఇంకే మంచి వార్తో ఆమె తానే చెప్పాలని దాచుకొని ఉండవచ్చు. మన ఉత్తరం దాన్ని ముందే బయటపెడితే ఆమె మనసు నొచ్చుకుంటది.

5. ఉత్తరం రాసే వరుస

ఒక్క పేజీ చాలు. వరుస ఇట్లా ఉంటే తడబాటు ఉండదు.

- పిలుపు: ఇంట్లో ఎట్లా పిలుస్తరో అట్లనే రాయాలి
- రాఖీ ఎప్పుడు, ఎట్లా కట్టుకోవాలో రెండు వాక్యాలు
- ఏరుకున్న ఒక్క ముచ్చట
- దీవెనో కోరికో, ఒకటి రెండు వాక్యాలు
- ఆయన తేలికగా జవాబు చెప్పగలిగే ఒక ప్రశ్న

మా వీధిలో ఒక చెల్లె మొదట రాసుకొచ్చిన ఉత్తరం ఇట్లా ఉంది: "ప్రియమైన సోదరునికి రక్షాబంధన్ శుభాకాంక్షలు. అన్నాచెల్లెళ్ల అనుబంధం ఎంతో పవిత్రమైనది. నీవు ఆయురారోగ్య ఐశ్వర్యాలతో వర్ధిల్లాలని కోరుకుంటూ, నీ ప్రియ సోదరి."

ఇందులో తప్పేమీ లేదు, కానీ ఇది ఎవరన్నా ఎవరికన్నా రాయొచ్చు. ఆ పిల్ల తన అన్నను జీవితంలో ఒక్కసారైనా "సోదరా" అని పిలిచి ఉండదు. నేను ఆమెను కూర్చోబెట్టి, "మీ అన్న పోయినంక ఇంట్లో కొత్తగా ఏం జరిగింది?" అని అడిగిన. కొంచెం ఆలోచించి జామచెట్టు ముచ్చట చెప్పింది. ఎట్లా చెప్పిందో అట్లనే రాయమన్న. తయారైన ఉత్తరం ఇది, ఆమెను అడిగే ఇక్కడ పెడుతున్న:

"అన్నా, మంచిగున్నవా? ఈ కవరు నీకు ముందే అందుతది కావచ్చు. అప్పుడే కట్టుకోకు. శుక్రవారం పొద్దున బస్సు ఎక్కకముందు కట్టుకో. ముడి నేనే వేసిన, నువ్వు చెయ్యి దూర్చి రెండు పక్కలకు జరిపితే చాలు.

మొన్న ఆదివారం మనింటికి పోయిన. నువ్వు బావికాడ పెట్టిన జామచెట్టు ఈసారి కాయ పట్టింది. మొత్తం ఏడే కాయలు. నాయిన ఆరు తెంపిండు, ఒకటి తెంపనియ్యలే. అది పెద్దోనిది అన్నడు. చెట్టు మీదనే పండి రాత్రి వానకు కింద పడ్డది. అమ్మ దాన్ని కడిగి, కోసి, తలా ఒక ముక్క పెట్టింది. నీ ముక్క నేను తిన్న. లోపల ఎర్రగున్నది, మనం తెల్లగుంటదనుకున్నం కదా.

నువ్వు చల్లగుండాలె అన్నా. నువ్వు నడిచే దారిల ముల్లు కూడ ఉండొద్దు.

ఒక్కటి చెప్పు. మీ రూముల కిటికీ తీస్తే ఏం కనిపిస్తది? నేను రోజు అనుకుంట, కానీ నాకు తెలుస్తలేదు. నీ చెల్లె."

ఎర్రగున్నదన్న ఆ ఒక్క మాటతో జామకాయ ఆయన చేతిలోకి వస్తుంది. ప్రశ్న కూడా చూడండి. "ఆరోగ్యం ఎట్లుంది?" అంటే "మంచిగుంది" అనే చెప్తడు, ఎండకు కళ్లు తిరిగినా అదే చెప్తడు. కిటికీ గురించి అడిగితే లేచి పోయి చూడాలి, చూసినంక నాలుగు మాటలు వాటంతట అవే వస్తాయి.

తమ్మునికి రాస్తే గొంతు కొంచెం మారుతుంది. "తమ్మీ" అని మొదలుపెట్టి చొరవగా రాయొచ్చు, చిన్నప్పటి అల్లరి గుర్తు చేయొచ్చు. అయితే "జాగ్రత్త" అన్న మాట పేజీకి ఒక్కసారి మించొద్దు. నాలుగుసార్లు అంటే వాని మీద నమ్మకం లేనట్టు వినిపిస్తది.

చేతిరాతనే పంపండి, నీలం పెన్నుతో రాయండి. కొట్టివేతలున్నా పర్వాలేదు.

6. కవరు కట్టడం, పోస్టు చేయడం

రాఖీని పలుచటి కాగితంలో మడిచి, ఉత్తరం మడతల నడుమ పెట్టండి. అట్లా ఉంటే ఒక మూలకు జారి కవరు ఉబ్బదు. కుంకుమ పొడి, అక్షింతలు, మిఠాయి, నోట్లు పెట్టకండి. పొడి కారి ఉత్తరాన్ని పాడుచేస్తుంది, తినేవాటిని తనిఖీలో ఆపుతరు. బొట్టు పెట్టాలని ఉంటే ఉత్తరం పైన కుంకుమ తడిపి చిన్న బొట్టు పెట్టి ఆరబెట్టండి.

అడ్రసు ఇంగ్లీషులో, పెద్ద అక్షరాలతో, ఈ వరుసలో రాయాలి:

```
FULL NAME (AS IN PASSPORT)
EMPLOYEE NO. ....
COMPANY NAME
P.O. BOX ....
DUBAI, UNITED ARAB EMIRATES
MOBILE: +971 ....
```

మొబైల్ నంబరు తప్పనిసరిగా రాయండి. ఆఫీసు మనిషికి పేరు పోల్చుకోవడం రాకపోతే ఫోన్ చేస్తడు. మీ అడ్రసు కవరు వెనుక రాయండి.

పోస్టాఫీసులో విదేశాలకు, ట్రాకింగ్ ఉండేట్టు పంపాలని చెప్పండి. లోపల ఏముందని అడిగితే ఉన్నది ఉన్నట్టు దారం రాఖీ, ఉత్తరం అని, కానుకగా పంపుతున్ననని చెప్పండి. కస్టమ్స్ కాగితం నింపమంటే అదే రాసి, దారానికి అయిన ఖర్చు వేయండి. రసీదు మీద 13 అక్షరాల నంబరు ఉంటది: మొదట రెండు అక్షరాలు, తర్వాత తొమ్మిది అంకెలు, చివర IN. దాన్ని అక్కడే ఫొటో తీసి అన్నకు పంపండి.

ఊరివాళ్లు ఎవరన్నా అదే క్యాంపుకు పోతుంటే వాళ్లతో పంపడం తేలిక. కవరు మాత్రం అతికించకుండా ఇవ్వండి, లోపల ఏముందో వాళ్లకు కనిపించాలి. "అన్నకిష్టం" అని గసగసాలు, దగ్గు మందు, నొప్పి గోలీలు వాళ్ల సంచిలో పెట్టకండి. గసగసాలు దుబాయ్‌లోకి తీసుకుపోవడమే నేరం, మోసుకుపోయిన మనిషి జైలు పాలు కావచ్చు. గోలీల్లోనూ అక్కడ అనుమతి లేనివి ఉంటాయి.

7. గొంతు పంపడం

కవరు దారిలో ఉండగానే గొంతు సిద్ధం చేసుకోవాలి. దుబాయ్‌లో వాట్సాప్‌లో మాట్లాడే కాల్ పనిచేయదు, రాసిన మెసేజీలు, వాయిస్ మెసేజీలు మాత్రం పోతాయి. ముఖం చూసి మాట్లాడటానికి అక్కడివాళ్లు బోటిమ్ అనే యాప్ వాడుతరు. పండుగ నాడు కలవదేమో అన్న భయం లేకుండా, పంపే మాటను వాయిస్‌గా ముందే రికార్డు చేసిపెట్టుకోండి.

నిడివి నిమిషం, నిమిషంన్నర. ఒకసారి నేను తొమ్మిది నిమిషాలది పంపిన. అందులో అమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చిన. అన్న దాన్ని నాలుగు రోజులు తెరవలేదు. తర్వాత అడిగితే, "రూముల ఆరుగురున్నరు, ఎక్కడ వినాలె?" అన్నడు. అప్పటి నుంచి చిన్నగా, నవ్వుతున్న గొంతుతో పంపుతున్న. ఏడుపొస్తే ఆపి, నీళ్లు తాగి, మళ్లీ మొదలుపెడుత.

ఫ్యాను ఆపి, కుక్కర్ దించి, తలుపు మూసుకొని కూర్చోండి. ఫోను నోటికి జానెడు దూరంలో పట్టుకోండి. మైకు గుర్తును నొక్కి పైకి జరిపితే అది లాక్ అవుతుంది, వేలు తీసినా రికార్డు ఆగదు. పంపేముందు ఆపి ఒకసారి వినండి. బాగా రాకపోతే చెత్తబుట్ట గుర్తు నొక్కి మళ్లీ చెప్పండి.

ఉత్తరంలో ఉన్నది ఇందులో చదవకండి. పిలుపు, "దారం కట్టుకో అన్నా" అన్న మాట, ఒక దీవెన చాలు. తర్వాత అమ్మ ఒక్క వాక్యం, నాయిన ఒక్క వాక్యం. పిల్లలుంటే "మామా" అని పిలిచిన పిలుపు. మా ఇంట్లో ఒకసారి వెనుక నుంచి కోడి కూసింది. తీసేద్దామనుకొని కూడా ఉంచేసిన. అన్న అన్నిటికన్నా ముందు దాని గురించే అడిగిండు.

8. పున్నమ నాటి టైము

దుబాయ్ మనకంటే గంటన్నర వెనుక, సౌదీ రెండున్నర గంటలు వెనుక. ఆగస్టు 28న పున్నమ మన టైముకు పొద్దున సుమారు 9:45 దాకా ఉంది. అంటే దుబాయ్‌లో 8:15. రాఖీ కట్టొద్దనే భద్ర ఘడియలు ముందు రోజు రాత్రే వెళ్లిపోతాయి, కాబట్టి తెల్లవారుజామున కట్టుకోవడానికి అడ్డేమీ లేదు. మీ ఇంటి పంచాంగంలో ఒకసారి చూసుకోండి, నిమిషాల్లో తేడా ఉండొచ్చు.

మనం ఉదాహరణకు తీసుకున్న దుబాయ్ అన్న నాలుగింటికి లేచి, ఐదింటికి బస్సు ఎక్కుతడనుకుందాం. అప్పుడు రోజు ఇట్లా నడుస్తుంది. మనకు 5:30 అయినప్పుడు వాయిస్ పంపండి, అక్కడ నాలుగు. ఆయన వింటూనే దారం చేతికి ఎక్కించుకుంటడు. మిషన్ పని అయితే బస్సు దిగేలోపు తీసి జేబులో పెట్టుకొని, సాయంత్రం మళ్లీ వేసుకుంటడు. రూములో మనవైపు మనిషి ఉంటే ఆయనతో ముళ్లు జరిపించుకోమని చెప్పండి. అట్లా ఇంకో చెయ్యి తగిలితే కట్టించుకున్నట్టు ఉంటది.

మాట్లాడటానికి మంచి సమయం మధ్యాహ్నం. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఎండలో చేసే పనిని మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఆపాలని నియమం. మనకు అది 2 నుంచి 4:30. తిండి అయినంక, మనకు మూడు కొట్టేసరికి పది నిమిషాలు మాట్లాడొచ్చు. ఆ తర్వాత నిద్రపోనివ్వండి.

9. తప్పిపోతే సర్దుకునే తీరు

*ఆగస్టు 20 దాకా కవరు అందలేదు.* నంబరుతో ట్రాక్ చేయండి. దుబాయ్ చేరినట్టు కనిపిస్తే కంపెనీ ఆఫీసులో అడగమని అన్నకు చెప్పండి, చాలాసార్లు అక్కడి డబ్బాలోనే ఉంటది. ఇంకా దారిలోనే ఉంటే ఉత్తరంలో రాసిన ముచ్చటను వాయిస్‌లో చెప్పి పంపండి. అన్నను అక్కడే ఒక ఎర్ర దారం కొని కట్టుకోమనండి. అసలు రాఖీ వచ్చినంక అదీ పక్కన కట్టుకుంటడు.

*అక్కచెల్లెండ్లు ముగ్గురు నలుగురు.* రాఖీలన్నీ ఒకే కవరులో పెట్టండి, ఒక్కోదానికి చిన్న కాగితం చుట్టి ఎవరిదో రాయండి. ఉత్తరాలు మాత్రం ఎవరిది వారు రాయాలి, తలా అర పేజీ.

*అన్న పైసలు పంపుతనంటడు.* వద్దు అని గట్టిగా కొట్టిపారేస్తే నొచ్చుకుంటడు. మా ఇంట్లో నేను ముందే వాయిస్‌లో చెప్పేస్త: "నువ్వు వచ్చినప్పుడు నీ చేత్తో ఇయ్యి, అప్పటిదాకా నీ దగ్గరనే ఉండనీ."

*జవాబు రాలేదు.* వాయిస్ పక్కన మైకు గుర్తు నీలంగా మారినా మాట రాకపోతే మళ్లీ మళ్లీ అడగకండి. విన్నడు, కానీ పక్కన మనుషులున్నరు. శనివారం రాత్రి దాకా ఆగండి.

జామచెట్టు చెల్లెకు జవాబు రెండో రోజు రాత్రి వచ్చింది. కిటికీలో నుంచి ఇంకో క్యాంపు గోడ, ఆ గోడ మీద ఆరేసిన చొక్కాలు కనిపిస్తయట. అందులో ఒకటి నాయిన గళ్ల చొక్కాలాగా ఉంటదట.